మిల్లు గేటు మీద మూడు పక్షులు

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా అమ్మ పనిచేసిన బియ్యం మిల్లు గేటు మీద ఒక పక్షి బొమ్మ ఉండేది. కూలీలు దాన్ని గరుత్మంతుడు అనేవాళ్లు. మిల్లు ఓనరు ఫీనిక్స్ అనేవాడు. దాన్ని గీసిన ముసలాయన మాత్రం చివరికి వాళ్లెవరూ వినని మూడో పేరు చెప్పాడు. గేటు మీది బొమ్మకు ఏ పేరైతే ఏమిటని మీకు అనిపించవచ్చు. నా బతుకు ఆ పేరు మీద ఆధారపడింది కనుక నాకు అలా అనిపించదు. ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా నోరు చేదవుతుంది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఎనభైల మొదట్లో సంగతి. నేను పుట్టిన ఏడాదే నాన్న పోయాడట. అమ్మ, నానమ్మ, నేను నిడమనూరు నుంచి వచ్చి రైల్వే స్టేషను వెనక ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మది ఉప్పుడు బియ్యం మిల్లులో కూలి పని. ఉడికించిన వడ్లను గచ్చు మీద పరిచి, ఎండలో అటూ ఇటూ నడుస్తూ కాళ్లతో తిరగేసి ఆరబెట్టాలి. వానలు పడితే ఆ పని లోపల షెడ్డులో, ఊకతో మండే పొయ్యి పక్కన జరిగేది. పసిపిల్లలకు పాలివ్వడానికని ఆడవాళ్లు మధ్యలో ఇళ్లకు పోతున్నారని ఓనరు ఆ షెడ్డు తలుపుకు బయటి నుంచి గడియ పెట్టించేవాడు. ఒక మధ్యాహ్నం ఊక కుప్ప అంటుకుంది. గడియ తీయాల్సిన మనిషి చాయ తాగడానికి పోయాడు. మా అమ్మ మూడో రోజు దవాఖానలో పోయింది.

దినాలు అయిపోయాక ఓనరు మా గది ముందు జీపు దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో రుమాలు. నానమ్మ పక్కన నులక మంచం మీదే కూర్చుని చాలా మెత్తగా మాట్లాడాడు.

"పిల్లను మా ఇంట్ల ఉంచుకుంటం. మా పిల్లలతోపాటు తింటది, బడికి పోతది. నువ్వేం రంది పెట్టుకోకు, పెద్దమ్మా," అన్నాడు.

ఆయన ఇంట్లో అప్పటికే అట్లా తెచ్చిపెట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్లు. పొద్దున్నే నీళ్లు మోస్తూ, సాయంత్రం అంట్లు తోముతూ కనిపించేవాళ్లు. వాళ్లు బడికి పోగా ఎవరూ చూడలేదు. ఆ మాట నానమ్మకూ తెలుసు. కానీ ఆమెకు కళ్లు సరిగ్గా ఆనవు, నాటు వేసే ఓపిక పోయింది. నన్ను ఎట్లా సాకాలో తెలియని మనిషికి అంత పెద్దమనిషి వచ్చి మంచం మీద కూర్చోవడమే పెద్ద ధైర్యం. మిల్లు మళ్లీ తెరిచేదాకా గడువు అడిగింది. నేను ఆ ఇంట్లో ఉంటే గడియ గురించి ఎవరూ నోరెత్తరని ఓనరు లెక్క. ఇది నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ రోజు అర్థమైంది మాత్రం ఒక్కటే, నా బడి అయిపోబోతున్నదని.

మా పక్క గదిలో ఒక సాయిబు తాత ఉండేవాడు. షాపుల బోర్డులు, లారీల మీద బొమ్మలు, గుడి గోడల మీద దేవుళ్లు, ఏది చెబితే అది గీసేవాడు. నేను రంగుల తాత అని పిలిచేదాన్ని. భార్య పోయింది, కూతురు కోదాడలో ఉండేది. గడ్డంలో ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. మిల్లుకు పెట్టిన కొత్త ఇనుప గేటు మీద బొమ్మ గీసే పని ఆయనకే వచ్చింది. నానమ్మ ఆ రోజుల్లో కాలిపోయిన షెడ్డు బూడిద ఎత్తే పనికి పోతుండేది. నన్ను ఒంటరిగా గదిలో వదలలేక వెంట తీసుకుపోయేది. నేను గేటు పక్కన నీడలో కూర్చుని తాత గీస్తుంటే చూసేదాన్ని.

ఓనరు కొడుకు హైదరాబాదులో చదివేవాడు. ఏదో ఇంగ్లీషు పుస్తకంలోంచి చింపి ఒక రంగుల బొమ్మ తెచ్చి ఇచ్చాడు. మంటల్లోంచి పైకి లేస్తున్న ఎర్రటి, బంగారు రంగు పక్షి. దాని పేరు ఫీనిక్స్ అనీ, కాలి బూడిదై మళ్లీ పుడుతుందనీ, మా మిల్లు కూడా అంతేననీ చెప్పాడు. తాత ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కుర్రవాడు వెళ్లిపోయాక నావైపు తిరిగి, "ఈ పిట్ట నాకు ఎరుకే బేటా. మా తాత దీన్ని ఖుఖ్నూస్ అనేటోడు," అన్నాడు.

అట్లా మొదలైంది. ఆ పది రోజులు ఆయన కుంచె ఆపకుండా చెప్పిన కథలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఖుఖ్నూస్‌కు పొడుగాటి ముక్కు, ఆ ముక్కు నిండా సన్నాయికి ఉన్నట్టు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో రాగం పలుకుతుంది. లోకం మొత్తంలో అది ఒక్కటే ఉంటుంది. దానికి జోడు లేదు, పిల్లలు లేరు. వెయ్యేళ్లు బతుకుతుంది. చావు దగ్గరపడిందని దానికే తెలుస్తుంది. అప్పుడు పుల్లలు ఏరుకొచ్చి తన చుట్టూ పేర్చుకుని, అన్ని రంధ్రాల నుంచీ ఏడుస్తూ పాడుతుంది. ఆ పాట విని అడవిలో జంతువులు నిలబడిపోతాయి. ఆఖరున రెక్కలు టపటప కొట్టుకుంటే నిప్పు రవ్వలు రాలి చితి అంటుకుంటుంది. అది పూర్తిగా బూడిదైపోయాక ఆ బూడిదలోంచి ఇంకో ఖుఖ్నూస్ లేస్తుంది. తెల్లవాళ్ల కథలో అయితే చితి దాల్చినచెక్కతో, సుగంధ ద్రవ్యాలతో పేర్చుకుంటుందని, నిప్పు ఎండ వేడికే పుడుతుందని తర్వాత నేను పుస్తకాల్లో చదివాను. ఇంకా పాత కథలో మంటలే లేవు. అయిదు వందల ఏళ్లకొకసారి ఆ పక్షి చనిపోయిన తండ్రిని సుగంధపు బంకతో చేసిన గుడ్డులో పెట్టి, అరేబియా నుంచి ఈజిప్టులోని సూర్యుడి గుడికి మోసుకుపోతుందట. మంటలు తర్వాతి వాళ్లు కలిపినవే. అందరికీ మంటలే నచ్చాయి, తండ్రిని మోయడం మరిచిపోయారు.

కథ అయ్యాక తాత గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. "సూడు బేటా, ఆ పిట్ట తన ఒళ్లు తాను కాల్చుకుంటది. తన బూడిదల నుంచే తాను లేస్తది. గీడ కాలింది ఎవరు, లేస్తున్నది ఎవరు?"

అటుపక్కన నానమ్మ తట్టతో బూడిద మోస్తున్నది. నాకు ఏడుపు వచ్చింది. ఆ వయసులో కోపానికి మాటలు తెలియవు.

గేటు మీద రెక్కలు పూర్తవుతున్నకొద్దీ ఎవరూ అనుకోనిది జరిగింది. కూలికి వచ్చే ఆడవాళ్లు ఆ బొమ్మకు దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. ఒకామె పసుపు రాసింది, ఇంకొకామె కుంకుమ బొట్టు పెట్టింది. మా వైపు మనిషికి అంత పెద్ద రెక్కలున్న పక్షి అంటే గరుత్మంతుడే, ఇంకోటి ఉంటుందని ఎవరు చెబుతారు. మంటలను చూసి హోమం అనుకున్నారు. ఆ బొట్టు తుడవమని ఓనరు చెప్పలేదు. దేవుడున్న గేటులోకి గొడవకు ఎవరు వస్తారు. ఒకరోజు ఆయనే చెప్పులు విడిచి గేటుకు నమస్కారం పెట్టి లోపలికి పోవడం చూశాను. తనకు తెలియక పెట్టిన నమస్కారం కాదది.

నేను తాతను అడిగాను, ఇది గరుత్మంతుడు కాదా అని. ఆయన నిచ్చెన మీద నుంచే నవ్వాడు. ఎన్నో గుళ్లకు గరుత్మంతుణ్ణి గీసిన చెయ్యి ఆయనది. గరుత్మంతుడికి ముక్కు, రెక్కలు మాత్రమే గద్దవి, ఒళ్లు మనిషిది. మోకాలు మడిచి చేతులు జోడించి ఉంటాడు. ఒంటికి పాములే నగలు. ఒక చేతిలో అమృత కలశం గీసే పద్ధతీ ఉంది. ఒక్కణ్ణే ఎప్పుడూ గీయరు, పైన విష్ణువు ఉంటాడు, లేదా ఎదురుగా ఉంటాడు. గరుత్మంతుడు మళ్లీ పుట్టడు, ఎందుకంటే చావడు.

ఆ కథ నానమ్మ ద్వారా నాకు కొంత తెలుసు, తాత మిగతాది పూరించాడు. వినతా, కద్రువా ఇద్దరూ కశ్యపుడి భార్యలు. తెల్ల గుర్రం తోక నల్లగా ఉందా తెల్లగా ఉందా అని పందెం కాశారు. ఓడినవాళ్లు దాసి కావాలి. కద్రువ తన పాము పిల్లల్ని తోకకు చుట్టుకుని నల్లగా కనిపించమంది. అట్లా మోసంతో వినత దాసి అయింది. అంతకుముందే ఆమె ఓపిక పట్టలేక రెండు గుడ్లలో ఒకదాన్ని తొందరపడి పగలగొట్టింది. సగం ఒంటితో బయటికొచ్చిన కొడుకు శపించి సూర్యుడి రథం తోలడానికి వెళ్లిపోయాడు. రెండో గుడ్డులోంచి, అయిదు వందల ఏళ్లకు, గరుత్మంతుడు పుట్టాడు. పుడుతూనే తల్లితోపాటు పాములకు ఊడిగం. వాటిని వీపు మీద మోయాలి. ఏమిస్తే మా అమ్మను విడుస్తారని అడిగితే అమృతం తెమ్మన్నాయి. దేవతలందరినీ గెలిచి అమృతం తెచ్చాడు, తెస్తూ ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. ఆ నిగ్రహానికే విష్ణువు మెచ్చి అమృతం తాగకుండానే చావు లేని వరం ఇచ్చాడు, జెండా మీద తనకంటే పైన చోటిచ్చాడు. ఈయన తిరిగి వాహనంగా ఉంటానన్నాడు. ఇంద్రుడు వజ్రంతో కొడితే, ఆ ఆయుధానికి మర్యాదగా ఒక్క ఈక రాల్చాడు. కలశం దర్భల మీద పెట్టి స్నానం చేసి రమ్మని పాములకు చెప్పాడు. అవి వచ్చేసరికి ఇంద్రుడు దాన్ని తీసుకుపోయాడు. దర్భలు నాకిన పాముల నాలుకలు చీలిపోయాయి. కానీ మాట ప్రకారం తల్లి విడుదలైంది.

అది విన్నప్పుడు నాకు నా మీదే కోపం వచ్చింది. మా అమ్మను విడిపించే వయసు నాకు రాకముందే అమ్మ పోయింది.

మూడో పక్షి పేరు సీముర్గ్. ఇది ఇరాన్ దేశపు పాత కథల్లోది. ఎంత పెద్దదంటే ఏనుగును ఎత్తుకుపోగలదు. ఎంత ముసలిదంటే లోకం మూడుసార్లు నాశనం కావడం చూసింది. పాత నేతబట్టల మీద దానికి కుక్క తల, సింహం పంజాలు, నెమలి తోక నేసేవాళ్లని, తర్వాతి బొమ్మల్లో పొడుగాటి రంగుల తోక గీశారని తాత చెప్పాడు. సముద్రం మధ్య అన్ని విత్తనాలూ కాసే ఒక చెట్టు మీద దాని గూడు. అది రెక్క విదిలిస్తే గింజలు రాలి లోకమంతా మొలుస్తాయి. ఇంకో కథలో గూడు పెద్ద కొండ మీద. ఒక వీరుడికి తెల్లజుట్టుతో కొడుకు పుట్టాడు. ముసలివాడిలా పుట్టిన బిడ్డ నలుగురిలో నగుబాటని తండ్రి ఆ కొండ కింద వదిలేయించాడు. సీముర్గ్ ఆ బిడ్డను ఎత్తుకుపోయింది.

"పెంచుకుందామనా?" అని అడిగాను.

"కాదు బేటా. పిల్లలకు మేత ఏద్దామని," అన్నాడు తాత. "తీరా గూట్ల పెట్టినంక ఆ పసోడి ఏడుపు ఇని దానికి మనసు కరిగింది. ఎత్తుకపొయ్యేటప్పుడు అన్ని పిట్టలు ఒక్కతీర్గనే కనిపిస్తయి. గూట్లకు పోయినంక ఏం జేస్తదనేదే అసలు సంగతి."

తన పిల్లలతో పాటే పెంచి, మాటలు నేర్పి, పెద్దవాణ్ణి చేసింది. కొన్నేళ్లకు తండ్రి పశ్చాత్తాపపడి వెతుక్కుంటూ వస్తే, పోనని ఏడ్చిన ఆ కుర్రవాణ్ణి తనే నచ్చజెప్పి పంపింది. తన ఈక ఇచ్చి, కష్టం వస్తే నిప్పులో వేయి, వస్తానని చెప్పింది. అన్నట్టే వచ్చింది. అతని భార్య కాన్పు కష్టమై ప్రాణం మీదికి వస్తే, ఆమెకు మత్తుకోసం సారాయి తాగించి, పక్కన కోసి బిడ్డను తీసి, కుట్టి, పాలూ కస్తూరీ కలిపి నూరిన ఆకు పట్టు వేయించి, ఈకతో నిమరమని నేర్పింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ బిడ్డ పెద్దయి యుద్ధంలో ఒళ్లంతా బాణాలతో పడిపోయినప్పుడు కూడా అదే పక్షి వచ్చి గాయాలు మాన్పింది.

మూడూ పెద్ద పక్షులే. మూడింటికీ చావుతో పేచీ. ఒకటి చచ్చి పుడుతుంది, ఒకటి చావదు, ఒకటి ఇంకొకరి చావును ఆపుతుంది. చాలా ఏళ్ల తర్వాత సూర్యాపేట లైబ్రరీలో నేను ఇంకొంచెం తెలుసుకున్నాను. వేదంలో స్వర్గం నుంచి సోమం తెచ్చే గద్దను శ్యేనం అంటారు. ఇరాన్ పాత భాషలో సీముర్గ్ పేరులో మొదటి ముక్క కూడా ఆ మాటకు తోబుట్టువే. అంటే గరుత్మంతుడి కథకూ సీముర్గ్ కథకూ ఎక్కడో పాత చుట్టరికం ఉంది, ఫీనిక్స్ మాత్రం వేరే దేశపు సంతానం. తర్వాత కథలు కలగలిసి సీముర్గ్ కూడా మంటల్లో దూకుతుందని కొందరు చెప్పుకున్నారు. తాతకు ఈ భాషల గొడవ తెలియదు. ఆయన గుర్తు వేరే.

"రెక్కలు సూసి పిట్టను గుర్తుపట్టకు," అన్నాడు. "బొమ్మల దాని పక్కన ఎవరున్నరో సూడు. గరుడునికి తల్లి ఉంటది, స్వామి ఉంటడు. సీముర్గ్ గూట్ల పరాయి పిల్లగాడు ఉంటడు. ఖుఖ్నూస్ పక్కన ఎవ్వరుండరు. మంట ఉంటది, అంతే."

ఆ మాట నాకు పట్టుకుంది. గేటు మీది పక్షి పక్కన ఎవరూ లేరు.

మరుసటి రోజు నానమ్మ ఓనరును గేటు ముందు నిలబెట్టింది. ఆమెకు ఉన్న ఆఖరి ధీమా అదే. ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి, గరుత్మంతుని సాక్షిగా నా మనవరాలిని బడికి పంపుతానని ప్రమాణం చెయ్యమంది. మా వైపు వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టి చేసిన ప్రమాణం తప్పితే వంశం నిలవదంటారు. ఓనరు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. రుమాలు జేబులో పెట్టుకుని, మంట మీద అరచెయ్యి చాచి, "గరుత్మంతుని సాక్షి," అన్నాడు. పక్కనున్న కొడుకు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను చూశాను.

నానమ్మ కొంగు పట్టుకుని, అది గరుత్మంతుడు కాదని, ఫీనిక్స్ అని, ఆయనకూ తెలుసని చెప్పాను. నానమ్మ చెంప మీద కొట్టింది. దేవుణ్ణి కాదంటావా అంటూ కొట్టింది. అంతకుముందు ఆమె నన్ను ఎన్నడూ కొట్టలేదు. తాత నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు, కుంచె లోంచి ఎర్ర రంగు ఆయన ముంజేతి మీదుగా కారుతున్నది.

ఆ సాయంత్రం గది ముందు కూర్చుని ఆయన నన్ను ఒక్కటే అడిగాడు, నీకు ఎక్కడికి పోవాలనుంది అని. మా క్లాసు పిల్ల ఒకతె సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టలుకు పోయిందని, అక్కడ అన్నం పెట్టి చదివిస్తారని చెప్పాను. ఆయన ఊఁ కొట్టి లేచి లోపలికి పోయాడు.

మిల్లు తెరిచే రోజుకు ముందు తాత ఓనరు దగ్గర ఒక అనుమతి తీసుకున్నాడు. దేవుడి బొమ్మకైనా, పక్షి బొమ్మకైనా కన్ను చివర్న పెట్టడం బొమ్మలు గీసేవాళ్ల రివాజు. కన్ను పెట్టేదాకా నలుగురి దృష్టి పడకూడదని గేటుకు అడ్డంగా గుడ్డ కట్టాడు. ఓనరు కూడా సరేనన్నాడు, తెర లాగితే చూడముచ్చటగా ఉంటుందనుకున్నాడు.

తెరిచే రోజు పొద్దున లారీల యజమానులు, మిల్లుల యజమానులు, జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు. తెర తీశారు. గేటు మీద మంటల జాడ లేదు. మంటలన్నీ పొడుగాటి ఎర్ర, పసుపు, నీలి తోక ఈకలుగా మారిపోయాయి. కింద గూడు. గూట్లో పక్షి పిల్లల మధ్య రెండు జడల ఆడపిల్ల, ఒళ్లో పలక. తాత నిచ్చెన ఎక్కి అందరి ముందూ పక్షికి కన్ను పెట్టాడు. ఆ కన్ను గూట్లోకి చూస్తున్నది.

ఆఫీసరు ఆ పిల్ల ఎవరని అడిగాడు. ఓనరు నోరు తెరవకముందే తాత చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఈ మిల్లుల కాలిపోయిన ఆడమనిషి బిడ్డ సార్. అగో, గా నిలబడ్డ పిల్లనే. బడికి పంపుతనని సారు కర్పూరం మీద చెయ్యేసిండు. అసొంటి పిట్ట కథ ఒకటుంది మా దాంట్ల, పరాయి పిల్లను సాకి పెద్దచేస్తది. సారు మనసు సూసి అదే ఏసిన. సూర్యాపేట హాస్టల్ల ఏస్తే మంచిగ సదువుకుంటది అనుకుంటున్నరు సార్."

ఆఫీసరు ఓనరు భుజం తట్టాడు. హాస్టలు సీటు తాను రాయిస్తానన్నాడు. ఓనరు ముఖం మీద నవ్వు అట్లాగే అతుక్కుని ఉంది. "అవును సార్, అదే అనుకున్నం," అన్నాడు. షెడ్డు తలుపు గురించి ఆ రోజూ ఎవరూ ఏమీ అడగలేదు. తాత కూడా అడగలేదు. అడిగితే నా సీటు పోతుందని ఆయనకు తెలుసు. అమ్మ కోసం ఎవరూ ఎగరలేదు, నా కోసం ఒక్కరు ఎగిరారు.

వారం తిరక్కుండా వేరే పెయింటరు వచ్చి గూడు మీద, నా మీద మంటలు పూశాడు. మిర్యాలగూడలో ఇక ఏ మిల్లూ రంగుల తాతకు పని ఇవ్వలేదు. మిల్లుల వాళ్లను చూసి షాపుల వాళ్లూ పిలవడం మానేశారు. ఆయన గది ఖాళీ చేసి కోదాడలో కూతురి దగ్గరికి పోయి, లారీ బాడీలు కట్టే షెడ్డులో నంబర్లు రాసే పనిలో చేరాడు. దేవుళ్లను గీసిన చెయ్యి నంబర్లు రాసింది. నెలకో రెండు నెలలకో బస్సెక్కి సూర్యాపేట వచ్చి జామకాయల సంచితో హాస్టలు గేటు ముందు నిలబడేవాడు. ఎవరు మీరు అని వార్డెను అడిగితే తాతనే అనేవాడు. నేను ఎనిమిదిలో ఉండగా నానమ్మ పోయింది. ఆ తర్వాత నన్ను చూడ్డానికి వచ్చింది ఆయన ఒక్కడే.

నేను చదివాను. తొంభైల్లో సూర్యాపేటలోనే టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. నేను చదువుకున్న హాస్టలు వాళ్లు ఒకసారి పిలిచి శాలువా కప్పారు. కాలిన బూడిదలోంచి తనంత తాను లేచిన ఫీనిక్స్ పక్షి ఈమె అని వేదిక మీద ఒకాయన అన్నాడు. అబద్ధమని లోపల తెలుస్తూనే ఉంది. నన్ను ఒకరు మోశారు. అయినా లేచి ఆ మాట చెప్పలేదు, నమస్కారం పెట్టి కూర్చున్నాను. చప్పట్లు బాగున్నాయి మరి.

ఆ ఏడు ఎండాకాలంలో తాత మా ఇంటికి వచ్చాడు. వెంట మనవరాలు. పది ఫస్టు క్లాసులో పాసయింది, ఇంటర్ సూర్యాపేటలో చదవాలని ఆశ, హాస్టల్లో సీటు దొరకలేదు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, "నీ ఇంట్ల ఓ మూలకు పడుంటది బేటా. రెండేండ్లు," అన్నాడు.

మా అత్తగారివాళ్లు తురకల పిల్లను వంటింట్లోకి రానిస్తారా అని నాకు భయం. వాళ్లను అడిగి చూడనైనా లేదు. మా ఆయనతో ఒక్క మాటైనా అనలేదు. ఇల్లు ఇరుకు తాతా అన్నాను. మూడు గదుల ఇల్లు. ఆయన మూడు గదుల వైపూ మెల్లగా ఒకసారి చూసి, "అవును బేటా, ఇరుకే ఉన్నది," అన్నాడు. చాయ తాగి లేచారు. ఆ పిల్ల పోతూ పోతూ నా పుస్తకాల బీరువా వైపు చూసింది.

మళ్లీ ఆయన సూర్యాపేట రాలేదు. నేనూ కోదాడ పోలేదు. బస్సులో గంట ప్రయాణం, అయినా పోలేదు. కొన్నేళ్లకు ఆయన పోయాడని, అదీ పోయిన నెల తర్వాత, తెలిసి వెళ్లాను. మనవరాలికి పెళ్లయి ఇద్దరు పిల్లలు, మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పనికి పోతున్నదట. నన్ను గుర్తుపట్టి గబగబా కుర్చీ తుడిచి వేసింది.

"కూర్చోండి మేడం. తాత ఎప్పుడూ మీ గురించే చెప్తుండేవాడు. మీ ఇల్లు బాగా ఇరుకంట కదా, పాపం ఎట్లా ఉంటుందో అని బాధపడేవాడు," అంది.

ఆమె మాటలో ఎకసెక్కం లేదు. నిజంగానే నమ్మింది. ఆయన ఆమెకు అలాగే చెప్పాడు, నా మీద ఒక్క చెడ్డమాట పడకుండా.

ఇప్పుడు రిటైరవడానికి దగ్గరపడ్డాను. ఇంకా అక్కడక్కడా నన్ను పిలిచి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. ఫీనిక్స్ అనే మాట తప్పకుండా వస్తుంది. ఒకప్పుడు అది అబద్ధమని లోలోపల సిగ్గుపడేదాన్ని. కోదాడ నుంచి వచ్చిన నాటి నుంచి ఆ సిగ్గు పోయి ఇంకో సిగ్గు పట్టుకుంది. వాళ్లు అన్నది నా గురించి నిజమే. నా గూట్లో ఇంకెవరికీ చోటు లేదు.